ఒకే రోజు కాచిన నెయ్యి మూడు పాత్రల్లో మూడు విధాలుగా మారింది: పూస సరే, ఈ వాసన ఎందుకు?

పటమట వంటిల్లు (విజయవాడ)
అందరికీ నమస్కారం. జనవరి మొదటి వారంలో మా అత్తగారి ఊరి నుంచి నాలుగు కిలోల గేదె వెన్న తెప్పించి, ఒకే గిన్నెలో ఒకేసారి కాచాను. మూడు కిలోలకు కొంచెం పైన నెయ్యి వచ్చింది. అందులో కిలోన్నర స్టీలు డబ్బాలో పోసి బీరువా పక్కనున్న చీకటి అలమరలో పెట్టాను. ముప్పావు కిలో గాజు సీసాలో పోసి వంటింటి కిటికీ అరలో ఉంచాను. మరో ముప్పావు కిలో రోజువారీ వాడకం కోసం ఇంకో సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏప్రిల్ వచ్చింది. స్టీలు డబ్బాలో అడుగున బొంబాయి రవ్వంత పూస, పైన నూనెలా తేట కనబడుతున్నాయి కానీ వాసన మాత్రం కాచిన నాటిలాగే కమ్మగా ఉంది. కిటికీ సీసాలో పూస సన్నగా ఉంది, మూత తీస్తే పాత నూనె వాసన వస్తోంది. పొయ్యి పక్క సీసాలో ఇంకా అరపావు నెయ్యి మిగిలి ఉంది, దానికి పుల్లని వాసన పట్టుకుంది. పూస కట్టడం వల్లనే నెయ్యి చెడిపోతుందా, లేక వెన్నలోనే ఏదైనా కలిసిందా అన్నది నాకు తేలడం లేదు. వేసవి సెలవుల్లో మళ్ళీ నాలుగు కిలోలు కాచాలి కనుక ముందే అడుగుతున్నాను.

అరండల్‌పేట మామ్మ (గుంటూరు)
అమ్మాయీ, పూస కట్టిన నెయ్యే అసలైన నెయ్యి. పూస కట్టలేదంటే అందులో ఏదో కలిసిందని మా అత్తగారు చెప్పేవారు, యాభై ఏళ్ళుగా నేనూ అదే చూస్తున్నాను. వాసన సంగతంటావా, గాజు సీసాలు వచ్చాకే ఈ తిప్పలన్నీ వచ్చాయి. మేము ఇత్తడి గిన్నెలో కాచి, జాడీలో పోసి, పైన ఒక చిన్న బెల్లం ముక్క వేసి వాసెన కట్టేవాళ్ళం. సంక్రాంతికి కాచిన నెయ్యి దసరా దాకా ఉండేది.

మిఠాయి వ్యాపారి (మంగళగిరి)
పూస బాగా రావాలంటే ఏం చేయాలో చెబుతాను. మేము సున్నుండలకు, మైసూరుపాకుకు నెయ్యి సొంతంగానే కాస్తాం. వడకట్టిన తరువాత డబ్బాను కదపకుండా ఒక రాత్రీ, ఒక పగలూ వదిలేయాలి. ఫ్యాను గాలి తగలకూడదు, చన్నీళ్ళలో పెట్టకూడదు. చలికాలంలో ఇక్కడ రాత్రి పూట గది త్వరగా చల్లబడుతుంది కనుక డబ్బాను బియ్యం మూటల మధ్య పెడతాం. నెమ్మదిగా చల్లారితే పూస శనగపలుకంత కాకపోయినా ఆవగింజంతైనా వస్తుంది.

పటమట వంటిల్లు
ధన్యవాదాలండీ, అయితే పూస రప్పించడం ఎలా అన్నది నా ప్రశ్న కాదు. పూస వచ్చిన నెయ్యిలో ఒకటి బాగుండి రెండు ఎందుకు పాడయ్యాయన్నదే నా సందేహం.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి (విజయవాడ)
మిఠాయి వ్యాపారి గారు ప్రశ్నను పొరబడినా, చెప్పిన మాటలోనే మొదటి సందేహానికి జవాబు ఉంది. నేను ఒక డెయిరీ నాణ్యతా విభాగంలో ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. అక్కడ మాకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు కూడా ఇదే: నెయ్యి పూస కట్టింది కనుక పాడైందని కొందరు, కట్టలేదు కనుక కల్తీ అని మరికొందరు తిరిగి పంపేవారు.

నెయ్యి అంతా ఒకే రకం కొవ్వు కాదు. అందులో కొన్ని కొవ్వులు మన గది వేడిలోనే గట్టిపడతాయి, కొన్ని బాగా చల్లబడితే తప్ప గడ్డకట్టవు. నెయ్యి నెమ్మదిగా చల్లారినప్పుడు ముందుగా గట్టిపడే కొవ్వులు అక్కడక్కడ కుదురుకొని, వాటి చుట్టూ అదే రకం కొవ్వు చేరుతూ గింజలుగా పెరుగుతాయి. మిగిలినది వాటి మధ్య తేటగా నిలుస్తుంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచితే గింజ పెద్దదవుతుంది. అదే నెయ్యిని కాచిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే లెక్కలేనన్ని అతి చిన్న గింజలు ఒక్కసారిగా పుట్టి, ఏదీ పెరగక, మొత్తం వెన్నలా నున్నగా పేరుకుంటుంది. గేదె నెయ్యిలో త్వరగా గట్టిపడే కొవ్వులు ఎక్కువ కనుక దాని పూస ఆవు నెయ్యి పూసకన్నా పెద్దగా ఉంటుంది. స్టీలు డబ్బాలో పైన తేట, అడుగున పూస కనబడటానికి కారణం కూడా ఇదే. ఎండలు ముదిరేకొద్దీ పూస కూడా కరిగిపోతుంది, మే నెలలో బెజవాడలో నెయ్యి పూస కట్టకపోతే తప్పు నెయ్యిది కాదు.

కాబట్టి పూసకూ వాసనకూ సంబంధం లేదు. వాసన విషయం చెప్పే ముందు మీరు మూడు సంగతులు తెలపాలి. వెన్న కాచే ముందు ఎన్నాళ్ళు నిలవ ఉంది? కాచేటప్పుడు నురుగు ఎన్నిసార్లు వచ్చింది, ఎప్పుడు దించారు? పొయ్యి పక్క సీసాలోకి ఏ గరిటె వెళ్ళేది?

పటమట వంటిల్లు
వెన్న చిలికిన మరునాడే మాకు చేరింది, ఆ సాయంత్రమే కాచాను. మొదట పెద్ద బుడగలతో తెల్లని నురుగు వచ్చి చాలాసేపు చిటపటలాడింది. ఆ చప్పుడు తగ్గిన కొంతసేపటికి సన్నని నురుగు మళ్ళీ పొంగింది. అడుగున గసి ఎర్రబడగానే దించి, నాలుగు మునగాకు రెమ్మలు వేశాను. పొయ్యి పక్క సీసాలోకి స్టీలు చెంచా వెళ్ళేది. నేనైతే పొడి చెంచానే వాడతాను కానీ, పిల్లలు అన్నంలో కలిపిన చెంచానే మళ్ళీ ముంచుతారని ఒప్పుకోక తప్పదు. ఆ సీసా పక్కనే రైస్ కుక్కర్ ఉంటుంది.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
మీ జవాబులో సగం తేలిపోయింది. మూడు పాత్రల్లోనూ ఉన్నది ఒకే గిన్నెలో కాచిన నెయ్యి, వాటిలో ఒకటి మూడు నెలల తరువాత కూడా కమ్మగానే ఉంది. అంటే తప్పు వెన్నలో లేదు, కాచడంలోనూ లేదు. రెండో నురుగు దాకా ఆగి, గసి ఎర్రబడ్డాక దించారు కనుక నీరు సరిగ్గానే పోయింది. తేడా అంతా కాచిన తరువాత వచ్చినదే.

నెయ్యి చెడే దారులు రెండు, వాటి వాసనలు కూడా వేరు. నీటి వల్ల చెడితే పుల్లని వాసన వస్తుంది, నిలవ వెన్ననో, పసిపిల్లలు కక్కిన పాలనో గుర్తు చేస్తుంది. పాల కొవ్వులో బ్యుటిరిక్ ఆమ్లం అనేది కొవ్వుకు అతుక్కొని ఉంటుంది, అలా ఉన్నంతసేపూ దానికి వాసన లేదు. తడి చేరిన చోట బూజు, సూక్ష్మజీవులు పెరిగి కొవ్వును విడగొట్టినప్పుడు అది బయటపడుతుంది, కొద్దిగా ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. నెయ్యిలో నీరు అర శాతం మించకూడదన్న ప్రమాణం ఉన్నది ఇందుకే. అన్నం తగిలిన చెంచా నీటితోపాటు ఆ సూక్ష్మజీవులకు తిండి కూడా ఇస్తుంది.

గాలి, వెలుతురు వల్ల చెడితే పులుపు ఉండదు. పాత నూనె, పాత కొవ్వొత్తి లాంటి వాసన వచ్చి, నాలుక మీద పెట్టుకుంటే గొంతులో గీరుతుంది. మీ కిటికీ సీసా ఈ రకమని అనుమానిస్తున్నాను.

ఇది ఊహగా మిగలకుండా మీరే పరీక్షించవచ్చు. బాగా ఆరిన మూడు పత్తి వత్తులను మూడు పాత్రల నెయ్యిలో వేరువేరుగా తడిపి వెలిగించండి. తడి ఉన్న నెయ్యి చిటపటలాడుతుంది, తడి లేనిది నిశ్శబ్దంగా వెలుగుతుంది. పొయ్యి పక్క సీసా నుంచి తీసేటప్పుడు అడుగు దాకా కలిపి తీయండి, ఎందుకంటే నీరు కిందికి దిగి ఉంటుంది.

బ్రాడీపేట పౌరుడు (గుంటూరు)
ఇంత చర్చ అవసరమా? బయట కొన్న వెన్నలో డాల్డా కలుపుతున్నారని అందరికీ తెలుసు. ఒక చుక్క అయోడిన్ వేయండి, నీలం రంగు వస్తే కల్తీ అని తేలిపోతుంది.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
అయోడిన్ పిండి పదార్థాన్ని మాత్రమే పట్టిస్తుంది. ఉడికించిన దుంపో, మైదానో కలిపి ఉంటే నీలం వస్తుంది, వనస్పతి కలిపితే ఏ రంగూ రాదు. పైగా వనస్పతిని కూడా నెయ్యిలా కనబడాలని పూస వచ్చేటట్టే తయారు చేసేవారు, కాబట్టి మామ్మ గారి లెక్క ప్రకారం అదీ అసలైన నెయ్యే అవుతుంది. కల్తీ అనుమానం నిజంగా ఉంటే ప్రయోగశాలకు పంపడమే దారి. ఇక్కడ మాత్రం స్టీలు డబ్బా బాగుండగా కల్తీని తప్పుపట్టలేం.

అరండల్‌పేట మామ్మ
నా లెక్క తప్పంటే తప్పనుకుందాం బాబూ, కానీ మా ఇంట్లో కాచిన నెయ్యి పూస కట్టని చలికాలం ఒక్కటీ లేదు.

తెనాలి కోడలు
నా సంగతి ఇంకోలా ఉంది. మేము బయట వెన్న కొనం, రోజూ పాల మీద మీగడ తీసి ఫ్రిజ్‌లో డబ్బాలో వేస్తాను. మూడు వారాలకు డబ్బా నిండుతుంది, అప్పుడు తోడు వేసి మరునాడు చిలుకుతాను. ఎర్రగా కాచినా, పొడి చెంచా వాడినా, స్టీలు డబ్బాలోనే పోసినా నెయ్యికి మొదటి రోజు నుంచే ఒక ఘాటు ఉంటోంది. మా మామగారు కంచంలో వేయగానే కనిపెట్టేస్తారు. నిలవ చేయడంలో ఏదైనా పొరబాటా?

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
తల్లీ, మీ నెయ్యి నిలవలో చెడలేదు, నెయ్యి కాకముందే చెడింది. ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. మూడు వారాలు తోడు లేకుండా ఉన్న మీగడలో నీరు, కొవ్వు, వాటికి కావలసిన తిండి అన్నీ ఉంటాయి కనుక అవి తీరికగా కొవ్వును విడగొడతాయి. అప్పుడు వెలువడిన ఆమ్లం కాచినప్పుడు కొంత ఆవిరితో పోయినా, మిగిలినది నెయ్యిలోనే ఉండిపోతుంది. ఎర్రగా కాచడం వల్ల నీరు పోతుంది కానీ అప్పటికే జరిగిన చెడు వెనక్కి మళ్ళదు.

మొదటి రోజు మీగడలోనే ఒక చెంచా మంచి పెరుగు కలపండి. రోజూ కొత్త మీగడ వేసినప్పుడు అడుగు దాకా కలపండి. పెరుగు పులుపు ఆ చెడ్డ సూక్ష్మజీవులను చాలావరకు అణచిపెడుతుంది. అలా చేసినా వారం, మహా అయితే పది రోజులకు మించి ఆగకుండా చిలకండి. నెయ్యి తక్కువ వచ్చినా ఫరవాలేదు. ఇంకా ఎక్కువ రోజులు పోగుచేయక తప్పదంటే మీగడను పైన ఫ్రీజర్‌లో ఉంచి, చిలికే ముందు రోజు కరగనిచ్చి తోడు వేసుకోవచ్చు. చిలికిన వెన్నను రెండు మూడు సార్లు చల్లని నీటితో, నీళ్ళు తేటపడే దాకా కడగండి, లోపల మిగిలిన మజ్జిగ కూడా నెయ్యిని ఇలాగే చెడగొడుతుంది.

తెనాలి కోడలు
మూడు వారాలకు బదులు పది రోజులంటే పావు కిలో కూడా రాదు, దానికోసం మిక్సీ, గిన్నెలు, పొయ్యి అన్నీ కడగాలి. ఫ్రీజర్ దారే నాకు నచ్చింది, ఈ నెల అలా చేసి చూస్తాను.

పటమట వంటిల్లు
వత్తులు వెలిగించి చూశాను. స్టీలు డబ్బా నెయ్యి ఏ చప్పుడూ లేకుండా వెలిగింది. పొయ్యి పక్క సీసా నెయ్యి సీమటపాకాయల్లా పేలింది, మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి మళ్ళీ చేయమన్నాడు. ఆ సీసాను వేడినీళ్ళలో పెట్టి పూర్తిగా కరిగించి వెలుతురుకు పట్టి చూస్తే అడుగున తెల్లగా మబ్బులాంటి పొర, రెండు మెతుకులు కూడా కనబడ్డాయి. కిటికీ సీసా నెయ్యి మాత్రం చిటపటలాడలేదు కానీ వాసన అలాగే ఉంది, నాలుక మీద వేసుకుంటే మీరన్నట్టే గొంతులో గీరింది.

ఈ రెంటినీ మళ్ళీ కాస్తే బాగుపడతాయా? స్టీలు డబ్బాలోని మంచి నెయ్యిలో కలిపేయవచ్చా?

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
కలపవద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. గాలికి చెడిన నెయ్యిలో పుట్టిన పదార్థాలు మంచి నెయ్యిని కూడా అదే దారిన త్వరగా నడిపిస్తాయి. కిటికీ సీసాను మళ్ళీ కాచినా ప్రయోజనం లేదు, వేడి ఆ చెడును పెంచుతుందే కానీ తగ్గించదు. దాన్ని దీపారాధనకు వాడుకోండి. పొయ్యి పక్క సీసాను కాస్తే నీరు పోయి కొంత వాసన తగ్గుతుంది. కానీ బూజు పట్టిందా లేదా అన్నది కంటితో తేలదు, అరపావు నెయ్యి కోసం ఆ పని నేనైతే చేయను.

మిఠాయి వ్యాపారి
ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం ఉంది. కొద్దిగా పుల్లబడిన నెయ్యిలో మా నాన్నగారు కొంచెం పెరుగు వేసి, నీరంతా ఇగిరే దాకా మళ్ళీ కాచేవారు. వాసన పోయేది, ఆ నెయ్యి వారంలోపు వాడేసేవాళ్ళం.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
పుల్లని వాసన ఆవిరితో కొంత పోతుందన్నది నిజమే, కొత్తగా ఎర్రబడిన పెరుగు గసి కమ్మదనం మిగిలినదాన్ని కప్పేస్తుంది. వారంలోపు వాడేశారు కనుక సరిపోయింది. నెలల తరబడి నిలవ చేయడానికి మాత్రం ఆ పద్ధతిని నేను ఒప్పుకోను. ఇద్దరం ఒకే నెయ్యిని వాసన చూస్తే తప్ప ఈ వాదన తెగదు.

ఇక వేసవిలో కాచబోయే నాలుగు కిలోల సంగతి. కాచడం మీరు ఇప్పుడు చేసినట్టే చేయండి. గసి లేత గోధుమ రంగు దాటి ఇటుక రంగుకు వచ్చేదాకా ఉంచితే నిలవ గుణం కొంచెం పెరుగుతుంది, నల్లబడితే చేదు దిగుతుంది. మునగాకైనా, కరివేపాకైనా, తమలపాకైనా పొయ్యి మీద ఉండగానే వేసి, కరకరలాడేదాకా ఉంచి వడకట్టాలి. మీరు దించాక వేశారన్నారు, నెయ్యి బాగా వేడిగా ఉంది కనుక నష్టం జరగలేదు కానీ, వేగని ఆకులో నీరు మిగిలిపోతుంది.

నెయ్యి చేయి పెట్టగలిగేటంత వేడికి దిగకముందే, తేటగా ఉన్నప్పుడే, ఎండలో ఆరవేసిన పల్చని గుడ్డలో వడకట్టండి. గసి రవ్వలు సీసాలోకి పోకూడదు. పాత్రలను కడిగిన తరువాత తుడిచి సరిపెట్టుకోకుండా పొయ్యి సెగ మీదనో, ఎండలోనో పూర్తిగా ఆరనివ్వండి. మూత లోపలి రబ్బరు కింద దాక్కునే చుక్కను ఎవరూ చూడరు, చాలా సీసాలు చెడేది అక్కడే.

పెద్ద డబ్బా ఒకటి, చిన్న సీసాలు రెండు అన్న లెక్కను తిరగేయండి. అర కిలో పట్టే స్టీలు డబ్బాలు ఆరు తీసుకొని, ఒక్కొక్కదాన్ని మెడ దాకా నింపండి. పైన ఖాళీ ఎంత తక్కువగా ఉంటే నెయ్యికి తగిలే గాలి అంత తక్కువ. గోరువెచ్చగా అయ్యేదాకా గుడ్డ కప్పి, తరువాత బిగుతుగా మూత పెట్టి చీకటి అలమరలో ఉంచండి. నెలకు ఒక డబ్బా మాత్రమే తెరవండి. మూత తీయని డబ్బా ఆరు నెలలకు పైగా నిశ్చింతగా ఉంటుంది. రోజువారీ డబ్బాలో నుంచి ఒక పూటకు సరిపడా నెయ్యిని చిన్న గిన్నెలోకి తీసి భోజనాల దగ్గర పెట్టండి, అప్పుడు పిల్లల చెంచాతో మీకు తగాదా ఉండదు. ఆ గిన్నెలో మిగిలినది డబ్బాలో తిరిగి పోయకండి.

ఒక్క జాగ్రత్త. పూస కట్టిన నెయ్యిని ఎప్పుడైనా రెండు పాత్రల్లోకి పంచవలసి వస్తే ముందు వేడినీళ్ళలో పెట్టి పూర్తిగా కరిగించి కలపండి. లేకపోతే ఒకదానిలోకి తేట, ఇంకొకదానిలోకి పూస చేరుతుంది. తేట భాగమే గాలికి ముందు చెడేది.

అరండల్‌పేట మామ్మ
స్టీలు సరే, మరి మా ఇత్తడి గిన్నె సంగతి ఏమిటి? బెల్లం ముక్క సంగతి కూడా చెప్పలేదు నువ్వు.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
మామ్మ గారూ, మీ ఇత్తడి గిన్నెకు కళాయి పోయించి ఉండేదని నా నమ్మకం. కళాయి ఉంటే దోషం లేదు. కళాయి పోయిన ఇత్తడిలో, రాగిలో నెయ్యి ఉంచితే ఆ రాగి అతి కొద్దిగా దిగినా నెయ్యి గాలికి చెడటాన్ని బాగా వేగిరం చేస్తుంది. మీ జాడీ మాత్రం మేలైన పాత్ర, వెలుతురు సోకదు, లోహం తగలదు. దసరా దాకా నిలిచిందంటే ఆ జాడీ, ఆ వాసెన కారణమని అనుకుంటున్నాను. బెల్లం గాలిలోని చెమ్మను లాక్కుంటుంది కనుక నేను వేయను.

అరండల్‌పేట మామ్మ
ప్రతి సంక్రాంతికీ కళాయి పోయించేవాళ్ళం, ఆ మాట నిజమే. కళాయి వేసేవాడు ఇప్పుడు మా వీధికి రావడం లేదు. బెల్లం మాత్రం నేను వేస్తాను.

మిఠాయి వ్యాపారి
ఫ్రిజ్ గురించి ఎవరూ చెప్పలేదు. మా దగ్గర కొన్నవారు చాలామంది అందులోనే పెడతారు.

డెయిరీ విశ్రాంత ఉద్యోగి
మూత తీయని డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి, తెరిచే రోజున బయటకు తీసి గది వేడికి వచ్చాక మూత తీస్తే మంచిదే. రోజూ బయటకు తీసి, మూత తెరిచి, మళ్ళీ లోపల పెట్టే డబ్బాకు మాత్రం చల్లని గోడల మీద చెమ్మ పడుతుంది, మన కృష్ణా తీరపు గాలిలో అది ఇంకా ఎక్కువ. పైగా ఉల్లిపాయ వాసన కూడా పీల్చుకుంటుంది.

పటమట వంటిల్లు
అర కిలో డబ్బాలు ఆరు తెచ్చి ఎండలో పెట్టాను. మామ్మ గారి కోసం ఒక డబ్బాలో బెల్లం ముక్క వేసి, మరో డబ్బాను అదే నెయ్యితో బెల్లం లేకుండా నింపి, రెంటి మీదా తేదీ రాసి పక్కపక్కనే పెడతాను. దసరాకు రెండు వత్తులు వెలిగించి ఇక్కడే రాస్తాను.